ఎంసీబీ పడలేదని ధీమా వద్దు

"ఎంసీబీ ఉంది కదండీ, లోడ్ ఎక్కువైతే అదే పడిపోతుంది." మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో ఎక్స్‌టెన్షన్ బోర్డుల ప్రస్తావన రాగానే ఒకావిడ అన్న మాట ఇది. చాలా ఇళ్లలో ఉన్న ధీమా కూడా ఇదే. ఆ రోజు మాట్లాడటానికి వచ్చిన రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇంజినీరు అక్కడి నుంచే మొదలుపెట్టారు.

"అమ్మా, ఎంసీబీ పెట్టింది గోడలోని వైరు కోసం. మీరు కొని తెచ్చిన బోర్డు సంగతి దానికి తెలియదు" అంటూ లెక్క చెప్పారు. వంటగదిలో 16 ఆంప్స్ పవర్ పాయింటుకు 6 ఆంప్స్ బోర్డు తగిలించారనుకుందాం. 230 వోల్టుల దగ్గర ఆ బోర్డు మోయగలిగేది సుమారు 1,380 వాట్లు. దాని మీద 1,500 వాట్ల కెటిల్, 750 వాట్ల మిక్సీ ఒకేసారి నడిస్తే దాదాపు 10 ఆంప్స్ లాగుతాయి. 16 ఆంప్స్ ఎంసీబీకి అది మామూలు లోడే, కాబట్టి పడదు. బోర్డు సన్నటి వైరు మాత్రం కాగిపోతూనే ఉంటుంది.

తర్వాత ఒక పాత మల్టీప్లగ్ విప్పి చూపించారు. ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. లోపలి ఇత్తడి రేకులు సాగిపోయి ప్లగ్గు పిన్నును గట్టిగా పట్టుకోవడం లేదు. అలాంటి వదులు చోట నిరోధం 0.3 ఓములే ఉన్నా, 10 ఆంప్స్ కరెంటుకు అక్కడ 30 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసే సాల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్‌కు ఆనించి వదిలేసినట్టే. వేడికి రేకులు ఇంకా వదులవుతాయి, వదులైన కొద్దీ వేడి పెరుగుతుంది. చిటపట శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన, ప్లగ్గు తీస్తే పిన్ను చురుక్కుమనడం దీని గుర్తులు. అలాంటి బోర్డును బాగుచేయించకుండా పారేయాలి.

"మరి ఫోన్ ఛార్జర్ లాగేది కొంచెమే కదా?" అని ఒక కుర్రాడు అడిగాడు. నిజమే, దానితో బోర్డుకు భారం లేదు. ప్రమాదం ఛార్జర్ లోపలే ఉంది. 230 వోల్టుల భాగానికీ ఫోన్‌కు వెళ్లే 5 వోల్టుల భాగానికీ మధ్య తగినంత ఎడం, ఇన్సులేషన్ ఉండాలి. చవక సరుకులో వీటినే తగ్గిస్తారు, ఫ్యూజు కూడా పెట్టరు. కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, దాని దగ్గర R- తో మొదలయ్యే నంబరు చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అసలైన ఛార్జరైనా దిండు కింద పెడితే వేడి బయటికి పోదు.

కెటిల్, ఇస్త్రీపెట్టె, హీటర్, ఇండక్షన్ స్టవ్ ఒక్కొక్కటీ నేరుగా గోడ పాయింటుకే పెట్టాలని, ఒక బోర్డుకు ఇంకో బోర్డు తగిలించొద్దని ఆయన చెప్పారు. బోర్డు అంటుకుంటే నీళ్లు పోయకూడదు. చేయి అందితే ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే పొడి లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడాలి. మంట కర్టెన్ దాకా పాకితే తలుపు దగ్గరగా వేసి, అందరినీ మెట్ల మీదుగా దింపి, 101కి ఫోన్ చేయాలి.