టైమ్ ట్రబుల్ మొదలయ్యేది పదో ఎత్తు దగ్గరే

రష్యా గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ గ్రిష్చుక్ 2006, 2012, 2015లలో ప్రపంచ బ్లిట్జ్ చాంపియన్. నిమిషాల్లో ముగిసే ఆటలో మూడుసార్లు కిరీటం గెలిచిన ఆ మనిషే, గంటల సమయం ఉండే క్లాసికల్ ఆటల్లో టైమ్ ట్రబుల్‌కు పేరుమోశాడు. అంటే ఈ జబ్బుకు మూలం చేతివేగం లేకపోవడం కాదు, ఉన్న సమయాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చుకోలేకపోవడం.

ప్రపంచ ర్యాపిడ్ పోటీల్లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 10 సెకన్ల ఇంక్రిమెంట్. కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో టైటిల్ గెలిచింది ఈ పద్ధతిలోనే. 40 ఎత్తుల ఆటకు మొత్తం 1,300 సెకన్లు, అంటే ఎత్తుకు సగటున 32 సెకన్లు. కానీ ఈ సగటును పట్టుకుని ఆడేవాళ్లు ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. కొన్ని ఎత్తులకు అయిదు సెకన్లు చాలు, కొన్నింటికి రెండు నిమిషాలు పెట్టక తప్పదు.

ఒక మామూలు క్లబ్ ఆటగాడి గడియారాన్ని ఊహించుకుందాం. ఎనిమిదో ఎత్తు వేశాక 13:10 ఉంది. పన్నెండుకి 9:40. పదిహేనుకి 5:20. ఇరవై రెండుకి 0:50. ఆట పోయాక అతను ‘చివర్లో కంగారుపడ్డాను’ అంటాడు. లెక్క వేరే చెబుతుంది. తొమ్మిది నుంచి పదిహేను దాకా ఏడు ఎత్తులకు, ఇంక్రిమెంట్ కలుపుకుంటే, తొమ్మిది నిమిషాలు ఖర్చయ్యాయి. ఓపెనింగ్‌లో కంఠతా వచ్చిన ఎత్తులు అయిపోయిన చోట, ఏనుగును ఈ గడిలో పెట్టాలా ఆ గడిలో పెట్టాలా అని ఊగిసలాడినప్పుడే ఆట చేజారింది. ఆ రెండు గడుల మధ్య తేడా చాలాసార్లు స్వల్పం. ఇరవై రెండో ఎత్తు దగ్గర లేకుండా పోయిన నిమిషాలు మాత్రం ఆటనే తీసుకుపోతాయి.

అందుకే ఎత్తుకింత అని కాకుండా, గడియారంలో ఎంత మిగిలి ఉండాలో మూడు మజిలీలుగా పెట్టుకోవడం మేలు. పదో ఎత్తు వేశాక 14 నిమిషాలు, ఇరవై అయిదుకి 6 నిమిషాలు, నలభైకి రెండున్నర. మధ్య మజిలీకి దండిగా డబ్బు ఉంది: ఆ 15 ఎత్తులకు ఇంక్రిమెంట్‌తో కలిపి 630 సెకన్లు. రెండు ఎత్తులకు రెండేసి నిమిషాలు పెట్టినా, మిగతా పదమూడింటికి తలా అరనిమిషం దక్కుతుంది. ఆఖరి రెండున్నర నిమిషాలు ఎండ్‌గేమ్ కోసం దాచిన సొమ్ము.

ఆ రెండు దీర్ఘాలోచనలూ వెనక్కి తీసుకోలేని మార్పుల కోసమే: రాణుల మార్పిడితో ఎండ్‌గేమ్‌లోకి దిగేటప్పుడు, మధ్యలోని బంట్లు కొట్టుకుని బంట్ల అమరికే మారిపోయేటప్పుడు, పావును బలి ఇచ్చేటప్పుడు, రాజు మీద దాడి మొదలైనప్పుడు. తిరిగి కొట్టడానికి ఒకే పావు ఉంటే ప్రమాదమేదీ లేదని ఒకసారి చూసి వేసేయడమే. రెండు ఎత్తులు సమానంగా కనిపిస్తే అరనిమిషం తర్వాత ఏదో ఒకటి ఎంచుకోవాలి. ప్రత్యర్థి గడియారం నడుస్తున్నప్పుడు తన పావుల్లో ఏది బలహీనంగా ఉంది, ఎండ్‌గేమ్ ఎవరికి లాభం వంటి స్థూలమైన విషయాలు చూడాలి. లోతు లెక్కలు సొంత గడియారంలో వేసుకోవాలి.

దీర్ఘాలోచనకూ ఒక గండం ఉంది. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ కొతోవ్ దాన్ని చక్కగా వర్ణించాడు. ఆటగాడు రెండు ఎత్తులను మార్చిమార్చి లెక్కిస్తాడు, ఏదీ నచ్చదు, గడియారం చూసి ఉలిక్కిపడతాడు, అసలు పరిశీలించని మూడో ఎత్తు వేసేస్తాడు. అందుకే ఒక దారిని ఒక్కసారే లెక్కించాలని, మళ్లీ మొదటికి రాకూడదని ఆయన పట్టుబట్టేవాడు. అక్షరాలా పాటించడం కష్టమే కానీ, అదే లెక్క మూడోసారి మొదలైందంటే ఆలోచన ఆగిపోయిందని ఆటగాడికి తెలిసిపోవాలి.

ప్రత్యర్థి ఆరో ఎత్తుకే ఊహించని ఓపెనింగ్ వేస్తే ఈ బడ్జెట్ తప్పుతుంది. అప్పుడు ఒక దీర్ఘాలోచనను ముందే వాడుకుని, తర్వాత ఒక్కటితోనే సరిపెట్టుకోవాలి. ఇంక్రిమెంట్ 5 సెకన్లే అయితే 40 ఎత్తులకు 200 సెకన్లు తగ్గిపోతాయి. ఆ కోతలో ఎక్కువ భాగం మధ్య మజిలీ మీదే పడాలి.

పాతుకుపోయిన అలవాటుకు కాగితం మీది ప్రణాళిక ఒక్కటే చాలదు. మాజీ ప్రపంచ చాంపియన్ మిహాయిల్ బొత్విన్నిక్ చెప్పిన మందు కటువుగా ఉంటుంది: గెలుపోటములను, ఆట నాణ్యతను కూడా పక్కన పెట్టి, గడియారం మీదే దృష్టి పెట్టి శిక్షణ ఆటలు ఆడాలి. మజిలీలు అందుకుంటే ఓడినా ఆ ఆట నెగ్గినట్టే, తప్పితే గెలిచినా ఓడినట్టే. రేటింగ్ పెట్టుకుని ఇది చేయడం కుదరదు. స్నేహితుడితోనో, రేటింగ్ లేని ఆటల్లోనో చేయాలి.

ఆన్‌లైన్‌లో ఆడేవారికి రోగ నిర్ధారణ తేలిక. ఆట ఫైల్‌ను దించుకుంటే చాలాసార్లు ప్రతి ఎత్తు పక్కనా `[%clk 0:09:40]` లాంటి గుర్తు కనిపిస్తుంది, ఆ ఎత్తు తర్వాత మిగిలిన సమయం అదే. ఓడిన ఆటలు నాలుగైదు తెరిచి, తొమ్మిది నుంచి పదిహేనో ఎత్తు దాకా ఎంత కరిగిందో ముందు చూడండి.