ఫ్లాట్‌మేట్‌కి నాలుగు మాటలు: చీటీలో ఏం రాయాలి, ఎలా దిద్దాలి

కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాటు. ఇద్దరమ్మాయిలు అద్దె పంచుకుంటున్నారనుకుందాం. చిన్నమ్మాయిది పగటి ఉద్యోగం. ఆమె అక్కా అని పిలిచే రెండో అమ్మాయి రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున ఇల్లు చేరుతుంది. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో మెలకువగా ఉండే సమయం తక్కువ. అందుకే చెప్పాల్సిన మాట ఫోనులో మెసేజిగానో, ఫ్రిజ్ మీద చీటీగానో వెళ్తుంది. చీటీలో గొంతు వినపడదు, ముఖం కనపడదు. మాట మెత్తగా ఉందో గుచ్చుకుందో చదివేవాళ్లు క్రియల చివర్లను బట్టే పోల్చుకోవాలి. కాబట్టి ఇలాంటి చీటీలో తప్పులు దిద్దడమూ, మర్యాద దిద్దడమూ ఒకే పని. ఇలాంటి ఇళ్లలో రాసేలాంటి చీటీ ఒకటి తీసుకుని ఆ పని చేసి చూద్దాం.

"అక్కా, మీరు ఎప్పుడు గిన్నెలు కడగరు. అన్నీ సింకులోనే ఉంటుంది. కరెంటు బిల్లు నెట్ వాటర్ క్యాన్ డబ్బులు మూడు నెలల నుంచి రాలేదు. నువ్వు రాత్రంతా ఏసీ వేసుకుంటావ్, బిల్లు మాత్రం సగం సగం అంటావ్. ఇలా అయితే మేము కలిసి ఉండటం కష్టం. మీ గిన్నెలు మీరు కడుక్కోండి. డబ్బులు త్వరగా చూసుకోండి. చెప్పడం నా వంతు, తర్వాత నీ ఇష్టం."

కోపంలో న్యాయం ఉంది. అయినా ఈ చీటీ వల్ల డబ్బు రాదు, సింకు ఖాళీ కాదు. ఎందుకో వరసగా చూద్దాం.

మొదట కనపడేది పిలుపులోని తేడా. చీటీ 'మీరు'తో మొదలై, ఏసీ సంగతి రాగానే 'నువ్వు'లోకి జారి, మళ్లీ 'కడుక్కోండి' అని పైకెక్కి, చివరికి 'నీ ఇష్టం' దగ్గర దిగింది. అక్కను నువ్వు అనే ఇళ్లున్నాయి, మీరు అనే ఇళ్లూ ఉన్నాయి. రెండూ తప్పు కాదు. మాట మధ్యలో మారడమే తప్పు. చదివే మనిషికి లెక్క కన్నా ముందు ఆ జారుడే తగులుతుంది. ఇందుకు తిరగబడిన తప్పు కూడా ఉంది. రోజూ నువ్వు అని పిలిచే స్నేహితురాలికి చీటీలో ఒక్కసారిగా 'మీరు చెల్లించగలరు' అని రాస్తే అది మర్యాదగా వినపడదు, దూరం పెట్టినట్టుంటుంది. వంటగదిలో ఎలా పిలుస్తారో చీటీలోనూ అలాగే పిలవాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే పిలుపు ఉండాలి.

తర్వాత 'మేము'. తెలుగులో వినేవాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఫ్లాటులో ఉన్నది ఇద్దరే. అక్కకు రాస్తూ 'మేము కలిసి ఉండటం కష్టం' అంటే వ్యాకరణం ప్రకారం అందులో అక్క లేదు. ఇంకెవరో తన వెనక ఒక జట్టు కట్టారన్న అర్థం వస్తుంది. ముగ్గురు, నలుగురు ఉండే ఫ్లాట్లలో ఈ మాట నిజంగానే గొడవ పెంచుతుంది. 'మేము అనుకున్నాం' అని చదివిన మనిషి, తాను లేనప్పుడు మిగతావాళ్లు కూర్చుని తీర్పు చెప్పారని బాధపడుతుంది. ఇంటి పనుల చీటీలో పని చెప్పేటప్పుడు 'మనం', తన ఇబ్బంది చెప్పేటప్పుడు 'నేను' చాలు.

మూడోది 'ఎప్పుడు'. దీర్ఘం లేకపోతే అది ప్రశ్న. రాసిన అమ్మాయి ఉద్దేశం 'ఎప్పుడూ కడగరు' అని. దీర్ఘం పెడితే అక్షరదోషం పోతుంది గానీ అసలు చిక్కు పోదు. ఎప్పుడూ అన్న మాటకు ఒక్క ఉదాహరణ చాలు, వాదన కూలిపోవడానికి. 'మొన్న ఆదివారం కడిగాను కదా' అని జవాబు వస్తుంది, సంభాషణ అక్కడే ఆగిపోతుంది. దాని బదులు 'గత వారం సోమ, బుధ, శుక్రవారాల గిన్నెలు మర్నాటి సాయంత్రం దాకా ఉన్నాయి' అని రాస్తే కాదనడానికి ఏమీ ఉండదు. గిన్నెలు బహువచనం కాబట్టి 'సింకులోనే ఉంటుంది' అనకూడదు, 'ఉంటున్నాయి' అనాలి. మూడు నెలల బాకీ అన్న మాట కూడా అంతే. ఫోనులో పాత చెల్లింపులు వెతికితే ఫిబ్రవరి డబ్బు అందినట్టే ఉంది. రానిది మార్చి, ఏప్రిల్ నెలల్లో కొంత మాత్రమే. బాకీని పెంచి రాస్తే నిజమైన బాకీ మీద కూడా నమ్మకం పోతుంది.

నాలుగోది అన్నిటికన్నా సూక్ష్మం. 'కడగండి' వేరు, 'కడుక్కోండి' వేరు. క్రియకు 'కొను' చేరితే ఆ పని చేసేవాళ్ల సొంతమవుతుంది. 'మీ గిన్నెలు మీరు కడుక్కోండి' అనగానే కలిసి నడిచే వంటిల్లు రెండు కాపురాలయింది. నిజంగా ఎవరి గిన్నెలు వాళ్లే కడగాలన్నది ఏర్పాటయితే ఆ మాట సరే. వంతులవారీగా చేసుకుందామనుకుంటే 'సోమవారం మీరు కడగండి' అనాలి. 'త్వరగా చూసుకోండి' అన్నదీ అదే దారిలో నడిచింది. పైగా ఎంత, ఎప్పటికి అన్నది అందులో లేదు. త్వరగా అంటే ఒకరికి రేపు, ఇంకొకరికి జీతం పడ్డాక. '10వ తేదీలోపు' అన్నా పదో తేదీ అందులో ఉందా లేదా అన్న సందు మిగులుతుంది. '10వ తేదీ రాత్రికల్లా' అంటే సందు లేదు.

ఇక లెక్క. చీటీలో గట్టితనం రావాల్సింది ఇక్కడి నుంచే. ఏసీ అక్క గదిలో ఒక్కచోటే ఉంది. ఏసీ వాడని ఫిబ్రవరిలో బిల్లు 620 రూపాయలు, ఏప్రిల్‌లో 2,180 అనుకుందాం. తేడా 1,560. అంతా ఏసీ మీద వేయడం న్యాయం కాదు, ఎండాకాలం ఫ్యాన్లూ ఫ్రిజ్జూ ఎక్కువ తింటాయి. అందుకు ఓ వంద వదిలేసి, ఇద్దరికీ ఉమ్మడి ఖర్చు 720 అనుకుంటే చెరి 360. మిగిలిన 1,460 ఏసీది. అక్క వాటా 1,820, చెల్లెలి వాటా 360. యూనిట్లు లెక్కగట్టి సగటు ధరతో పంచితే ఏసీ వాటా తక్కువగా తేలుతుంది. ఎందుకంటే కరెంటు ధర శ్లాబుల్లో పెరుగుతుంది. తెలంగాణలో ఇంటి వాడకం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్లకు కూడా ఎక్కువ ధర పడుతుంది. గీత దాటించింది ఏసీ అయినప్పుడు ఆ పెరుగుదల కూడా ఏసీదే. అందుకే మామూలు నెల బిల్లుతో పోల్చి తేడా తీయడం సులువు, న్యాయం. ఇది అంచనా మాత్రమే. కచ్చితంగా కావాలంటే ఏసీ లైనుకు చిన్న సబ్ మీటరు పెట్టించాలి.

మిగతావి తేలిక. ఇంటర్నెట్టు నెలకు 708 రూపాయలు, ఊళ్లో ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే కాబట్టి చెరి 354. రెండు నెలలకు అక్క వాటా 708. మంచినీళ్ల క్యాన్లు ఏప్రిల్‌లో 12 వచ్చాయి, 30 రూపాయల చొప్పున 360, అందులో సగం 180. ఎవరైనా పండగకో పెళ్లికో పది రోజులు ఊరెళ్తే నీళ్లు, సరుకుల వంటి వాడకం ఖర్చుల్లో ఆ రోజులు తగ్గించాలి. అద్దె, మెయింటెనెన్సు, ఇంటర్నెట్టులో తగ్గించకూడదు. ఈ తేడా ముందే ఒప్పుకుంటే సగం గొడవలు ఉండవు. మొత్తం కలిపితే అక్క ఇవ్వాల్సింది 1,820, 708, 180. అంటే 2,708 రూపాయలు.

గిన్నెల దగ్గర ఇంకో మెలిక ఉంది. గిన్నెలు కడగడమంటే ఒకరికి కంచాలు తోమడం, ఇంకొకరికి పొయ్యి గట్టు తుడిచి, సింకు జాలీ ఖాళీ చేసి, తడి చెత్త బయటపెట్టడం దాకా. పని ఎక్కడ పూర్తవుతుందో రాయకపోతే ఇద్దరూ తమ వంతు చేశామనే అనుకుంటారు. గడువు కూడా మనిషి బతుకు చూసి పెట్టాలి. తెల్లవారుజామున ఇల్లు చేరే మనిషిని రాత్రి పడుకునే ముందు కడగమంటే అది జరిగే పని కాదు. ఇవన్నీ సర్దాక చీటీ ఇలా తయారవుతుంది.

"అక్కా, మార్చి, ఏప్రిల్ లెక్కలు చూశాను. కరెంటు, ఇంటర్నెట్టు, మంచినీళ్లు కలిపి మీ వాటా 2,708 రూపాయలు. బిల్లుల ఫొటోలు, లెక్క కింద పెట్టాను. ఏసీ వల్ల పెరిగిన 1,460 మీ వాటాలో వేశాను. అది సరిగా లేదనిపిస్తే 8వ తేదీలోగా చెప్పండి, కలిసి చూద్దాం. బిల్లులన్నీ నేనే కట్టేశాను కాబట్టి 10వ తేదీ రాత్రికల్లా డబ్బు పంపండి.

గత వారం మూడు రోజులు గిన్నెలు మర్నాటి సాయంత్రం దాకా ఉండిపోయాయి. పొద్దున్నే వంట చేసుకోవడం నాకు ఇబ్బందవుతోంది. ఇకనుంచి వంతులు పెట్టుకుందాం. సోమ, బుధ, శుక్రవారాలు మీరు, మంగళ, గురు, శనివారాలు నేను. ఆదివారం ఎవరి కంచం వాళ్లం కడుక్కుందాం. గట్టు తుడిచి, తడి చెత్త బయటపెడితే వంతు పూర్తయినట్టు. మీకు రాత్రి డ్యూటీ కదా, మర్నాడు మధ్యాహ్నం 12కల్లా అయితే చాలు. ఆదివారం టీ దగ్గర ఓ పది నిమిషాలు మాట్లాడుకుందాం."

ఇందులో క్షమాపణలు లేవు, 'ఏమీ అనుకోవద్దు' లేదు, 'వీలైతే' లేదు. మెత్తదనం కోసం అందరం 'వీలైతే 10వ తేదీకల్లా పంపండి' అని రాస్తుంటాం. ఆ ఒక్క మాటతో గడువు కోరికగా మారిపోతుంది. మెత్తదనం ఉండాల్సింది అక్క షిఫ్టును గుర్తుపెట్టుకోవడంలో, లెక్క తప్పయితే చెప్పమనడంలో, 'చూద్దాం', 'పెట్టుకుందాం' అన్న క్రియల్లో. మొత్తమూ తేదీలూ మాత్రం కదలకూడదు. 'కడుక్కుందాం' అన్నది ఒక్క ఆదివారానికే వచ్చింది, ఆ రోజు పని ఎవరిది వాళ్లదే కాబట్టి.

పదో తేదీ దాటినా డబ్బు రాకపోతే? రెండో చీటీ మొదటిదానికన్నా చిన్నదిగా ఉండాలి. "అక్కా, 2,708 ఇంకా అందలేదు. ఈ రోజు పంపగలరా, లేక ఏ రోజు పంపుతారో చెప్పండి." అంతే. గిన్నెల సంగతి, పాత సంగతులు అందులో కలపకూడదు, కలిపితే జవాబు తేలికైనదానికే వస్తుంది. అప్పటికీ కదలిక లేకపోతే అది ఇక చీటీతో తేలే పని కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సిందే. వచ్చే నెల నుంచి బిల్లులు ఒక్కరే కట్టేసి తర్వాత అడిగే పద్ధతి మానాలి. బిల్లు రాగానే వాటాలు ముందే పోగుచేసి కట్టాలి. కరెంటు బిల్లు కట్టకపోతే సరఫరా ఇద్దరికీ ఆగుతుంది కాబట్టి దాన్ని మాత్రం పట్టుదలకు ఆపొద్దు.

మీ ఇంట్లోనూ ఇలాంటి చీటీ రాయాల్సి వస్తే పంపే ముందు మూడు చూసుకోండి. పిలుపు మొదటి నుంచి చివరి దాకా ఒకటేనా, మొత్తమూ తేదీ అంకెల్లో ఉన్నాయా, అవతలి మనిషి కాదనడానికి వీల్లేని సంగతులే రాశారా. ఈ మూడూ ఉన్న చీటీకి గట్టి మాటలు అక్కర్లేదు.