కుళాయిలో తగ్గని ధార: బూస్టర్ పంపు ఎంత ప్రెషర్‌తో నడవాలి, ఎప్పుడు నిద్రపోవాలి

నీళ్లను మిద్దెమీది ట్యాంకుకు ఎక్కించి అక్కణ్ణుంచి ఫ్లాట్లకు వదిలే పద్ధతిలో కింది అంతస్తులకు ధార బాగానే వస్తుంది. చిక్కల్లా పై అంతస్తుకే. ట్యాంకు అడుగు ఆ అంతస్తు షవర్ కంటే మూడు మీటర్లే ఎత్తున ఉంటే, షవర్ దగ్గర ఉండే ప్రెషర్ 0.3 బార్ మించదు. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు ఇంచుమించు ఒక బార్ ప్రెషర్ ఇస్తుంది. షవర్ హాయిగా పనిచేయాలంటే కనీసం ఒక బార్ పైచిలుకు ఉండాలి. అందుకే కొత్త అపార్ట్‌మెంట్లు చాలావాటిలో సంపు నుంచి నీళ్లను నేరుగా ఫ్లాట్ల పైపుల్లోకే నెట్టే బూస్టర్ సెట్టు పెడుతున్నారు. ఒకటో రెండో పంపులు, వాటి ఉమ్మడి డెలివరీ పైపు మీద ఒక ప్రెషర్ సెన్సర్, ఒక చిన్న ప్రెషర్ ట్యాంకు, మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ కలిస్తే బూస్టర్ సెట్టు.

ఇంట్లోకి వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి, నేరుగా కలిపిన మోటారుకు ఒకటే వేగం. డ్రైవ్ ఆ హెర్ట్జ్‌ను తగ్గించి, పెంచి మోటారు వేగాన్ని కావలసినట్టు మారుస్తుంది. ఎంత మార్చాలో చెప్పేది డ్రైవ్ లోపలే ఉండే పీఐడీ అనే లెక్క. కావలసిన ప్రెషర్‌ను సెట్‌పాయింట్ అంటారు. సెన్సర్ చెప్పే ప్రెషర్‌కూ దీనికీ ఉన్న తేడాను పీఐడీ క్షణక్షణమూ చూస్తుంది. ‘పీ’ భాగం ఆ తేడా ఎంత ఉంటే అంతకు తగినట్టు వేగం మారుస్తుంది. తేడా కొద్దిగానే ఉన్నా చాలాసేపు మిగిలిపోతే, ‘ఐ’ భాగం దాన్ని కూడబెట్టుకుంటూ పోయి చివరికి సున్నా చేస్తుంది. తేడా ఎంత వేగంగా మారుతోందో చూసేది ‘డీ’. నీటి ప్రెషర్ సంకేతం ఎప్పుడూ సన్నగా అదురుతూ ఉంటుంది, ‘డీ’ ఆ అదురుకు కూడా స్పందిస్తుంది కనుక ఈ పనిలో దాన్ని సాధారణంగా సున్నాగానే ఉంచుతారు.

ఈ సెట్టు బాగా పనిచేయడం, చేయకపోవడం ఎక్కువగా రెండు అంకెల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి సెట్‌పాయింట్, రెండోది డ్రైవ్ ఏ హెర్ట్జ్ దగ్గర నిద్రలోకి వెళ్లాలన్నది. వీటిని వేర్వేరు సంగతులుగా చూడటం వల్లే చాలాచోట్ల చిక్కులు వస్తాయి. నిజానికి మొదటిది మార్చితే రెండోది కూడా మార్చి తీరాలి. ఎందుకో స్టిల్ట్ మీద అయిదంతస్తులున్న ఒక అపార్ట్‌మెంటు లెక్కలో చూడవచ్చు.

పంపులు స్టిల్ట్‌లో, సంపు పక్కనే ఉన్నాయి. అయిదో అంతస్తు షవర్ అక్కణ్ణుంచి 17 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు నీళ్లు ఎక్కడానికే 1.7 బార్ కావాలి. పొద్దున అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పే వేళ పైపులు, వంపులు, వాల్వుల్లో రాపిడికి పోయేది 0.4 బార్ అనుకుందాం. షవర్ దగ్గర మిగలాల్సింది 1.2 బార్. మూడూ కలిపితే 3.3 బార్. అదే సెట్‌పాయింట్. ఇక కింది కొసను కూడా చూడాలి. ఒకటో అంతస్తు కుళాయి పంపు కంటే నాలుగు మీటర్లే ఎత్తున ఉంది కాబట్టి అక్కడ దాదాపు 2.9 బార్ ఉంటుంది. ఇది ఇబ్బంది పెట్టేంత కాదు. భవనం దీనికి రెట్టింపు ఎత్తుంటే మాత్రం పైవాళ్లకు చాలినంత ఇస్తే కిందివాళ్ల ఫ్లష్ వాల్వులు, గీజర్లు తట్టుకోలేవు. అప్పుడు కింది అంతస్తుల లైనులో ప్రెషర్ తగ్గించే వాల్వు పెట్టాలి.

కాగితం మీద వచ్చిన 3.3ను భవనంలో సరిచూసుకోవడం అవసరం. నీటి వాడకం ఎక్కువగా ఉండే పొద్దుటి వేళ, పంపుకు అందరికంటే దూరంగా పై అంతస్తులో ఉన్న ఫ్లాట్లో షవర్ విప్పి, ఆ గొట్టానికి ఒక గేజి బిగించి చూడాలి. అక్కడ 1.2 బార్ కంటే బాగా ఎక్కువ ఉంటే సెట్‌పాయింట్‌ను 0.1 బార్ చొప్పున దించుకుంటూ రావచ్చు. అవసరానికి మించి పెట్టిన ప్రతి బార్‌కూ కరెంటు ఖర్చవుతుంది. పైగా కారే కుళాయిలు మరింత కారుతాయి.

ఇప్పుడు పంపు సంగతి. ఒక్క కుళాయి కూడా తెరవకుండా పూర్తి వేగంతో, అంటే 50 హెర్ట్జ్‌తో తిప్పితే ఈ పంపు ఇవ్వగలిగే ప్రెషర్ 4.6 బార్ అనుకుందాం. పంపు కంపెనీ ఇచ్చే గ్రాఫులో ప్రవాహం సున్నా దగ్గర కనిపించే అంకె ఇదే. వేగం తగ్గితే ప్రెషర్ వేగపు వర్గం లెక్కన తగ్గుతుంది. అంటే వేగం సగమైతే ప్రెషర్ నాలుగో వంతుకు పడిపోతుంది. దీన్నుంచి, అందరూ కుళాయిలు కట్టేసిన తర్వాత 3.3 బార్ నిలపడానికి పంపు ఎంత వేగంతో తిరుగుతూ ఉంటుందో తేలుతుంది:

50 × √(3.3 ÷ 4.6) = 42.3 హెర్ట్జ్

ఈ ఒక్క అంకెతో చాలా సంగతులు విడివడతాయి. నీళ్ల వాడకం అసలు లేనప్పుడు కూడా ఈ పంపు 42.3 హెర్ట్జ్ కంటే కిందికి రాదు. వస్తే ప్రెషర్ సెట్‌పాయింట్ కంటే తగ్గుతుంది, వెంటనే పీఐడీ వేగం పెంచుతుంది. కాబట్టి దీని పనంతా 42కూ 50కీ మధ్యనే. వేగం సగానికి తగ్గించి కరెంటు ఎనిమిదో వంతుకు తెస్తామనే ప్రచారం ఇక్కడ కుదరదు, ఎందుకంటే ఎత్తుకు కావలసిన ప్రెషర్ ఎప్పుడూ నిలబడే ఉండాలి. ఇలాంటి భవనంలో అసలు ఆదా రెండుచోట్ల ఉంది: సెట్‌పాయింట్‌ను అనవసరంగా పెంచకపోవడం, వాడకం లేనప్పుడు పంపును ఆపేయడం.

ఆ ఆపేయడమే స్లీప్ మోడ్. డ్రైవ్ వేగం ఫలానా హెర్ట్జ్ కంటే కిందికి వచ్చి, కొన్ని సెకన్లు అక్కడే ఉంటే ‘ఎవరూ నీళ్లు వాడటం లేదు’ అని భావించి మోటారును ఆపేస్తుంది. ప్రెషర్ కొంత పడిపోగానే మళ్లీ లేస్తుంది. మొదటిసారి డ్రైవ్‌ను అమర్చేటప్పుడు చాలామంది స్లీప్ హెర్ట్జ్‌ను 30 అని పెట్టి వెళ్లిపోతారు. పై లెక్క ప్రకారం ఈ పంపు ఎన్నటికీ 30కి చేరదు కాబట్టి ఎన్నటికీ నిద్రపోదు. రాత్రి రెండు గంటలకు పంపు గది దగ్గరికి వెళ్తే డ్రైవ్ తెర మీద 42 చుట్టూ అంకె కదలకుండా ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది, పంపు ఒళ్లు మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. ఎటూ పోలేని నీళ్లు అక్కడక్కడే తిరిగి కాగుతాయి. దాంతో మెకానికల్ సీలు తొందరగా పాడవుతుంది.

సరైన స్లీప్ హెర్ట్జ్ 42.3కు కొంచెం పైన ఉండాలి. ఎంత పైన అన్నది సంపును బట్టి ఉంటుంది. సంపులో నీటిమట్టం రెండు మీటర్లు దిగితే పంపు అదనంగా 0.2 బార్ ఇవ్వాలి, అప్పుడు పై లెక్కలో 3.3 బదులు 3.5 వేస్తే 43.6 హెర్ట్జ్ వస్తుంది. కాబట్టి ఇక్కడ 44 పెట్టి, 20 నుంచి 30 సెకన్ల ఆలస్యం ఇవ్వడం మంచిది. లెక్క వేయకుండా తేల్చుకునే దారి కూడా ఉంది. సంపు అడుగంటుతున్న వేళ భవనానికి వెళ్లే వాల్వును కాసేపు కట్టేసి, తెర మీద హెర్ట్జ్ ఎక్కడ నిలిచిందో చూసి, దానికి అర హెర్ట్జ్ పైన పెడితే సరి.

పై అంతస్తువాళ్లు ధార చాలడం లేదన్నారని ఎవరైనా సెట్‌పాయింట్‌ను 4.5కు పెంచితే ఏమవుతుందో చూద్దాం. అదే లెక్క వేస్తే ఖాళీగా తిరిగే వేగం 49.5 హెర్ట్జ్ వస్తుంది. 44 దగ్గర పెట్టిన నిద్ర ఇక రాదు. ఒకటి రెండు కుళాయిలు తెరవగానే పంపు 50కి చేరుతుంది, అక్కడితో దాని శక్తి అయిపోతుంది. ప్రెషర్ మాత్రం 4.5కు చేరదు. పీఐడీ ఎంత గింజుకున్నా పంపుకు లేని బలాన్ని తేలేదు. పొద్దున వాడకంలో డ్రైవ్ 50 దగ్గరే నిలిచిపోయి, గేజి సెట్‌పాయింట్ కంటే కింద ఉందంటే పెంచాల్సింది సెట్‌పాయింట్ కాదు. రెండో పంపు తోడుగా లేస్తోందా, ఫిల్టరు మూసుకుపోయిందా, పైకి వెళ్లే పైపు సన్నమైందా అని వెతకాలి.

నిద్ర నిలవాలంటే ప్రెషర్ ట్యాంకు అక్కర. దానిలోపల రబ్బరు సంచి, ఆ సంచి చుట్టూ గాలి. నీళ్లు సంచిలోకి చేరి గాలిని నొక్కుతాయి, పంపు ఆగాక ఆ గాలే నీళ్లను బయటికి తోస్తుంది. మన ఉదాహరణలో పంపు లేవాల్సిన ప్రెషర్ 2.8 బార్ అనుకుంటే, ట్యాంకులో గాలి దానికంటే 0.2 తక్కువగా, అంటే 2.6 బార్ ఉండాలి. ఈ గాలిని ట్యాంకులో నీళ్లు పూర్తిగా వదిలేశాకే కొలవాలి. నీళ్లుండగా కొలిస్తే గేజి నీటి ప్రెషర్‌నే చూపిస్తుంది. నిద్రపోయే ముందు ప్రెషర్‌ను 3.6 బార్ దాకా పెంచి ఆగే సదుపాయం చాలా డ్రైవుల్లో ఉంటుంది. అలా చేస్తే 100 లీటర్ల ట్యాంకు, ప్రెషర్ 2.8కి పడేలోపు ఇంచుమించు 16 లీటర్లు ఇవ్వగలదు. పెంచకుండా 3.3 దగ్గరే ఆగితే 11 లీటర్లే. ఎక్కడో ఒక ఫ్లష్ ట్యాంకు గంటకు పది లీటర్లు కారుతోందంటే, పంపు గంటన్నరకు ఒకసారి లేస్తుంది. అదే ట్యాంకులో గాలి పోయి ఉంటే నిమిషానికి ఎన్నోసార్లు లేచి పడుకుంటుంది.

సెన్సర్ అమరికలో జరిగే పొరపాటు ఒకటి పైకి కనబడదు. సెన్సర్ 0 నుంచి 16 బార్‌ది అయితే, డ్రైవ్‌లో 0 నుంచి 10 అని రాసి ఉంటే, తెర మీద 3.3 అని కనిపిస్తున్నప్పుడు పైపులో ఉండేది 5.3 బార్. మన పంపు అంత ఇవ్వలేదు కనుక ఎప్పుడూ 50 దగ్గరే ఉంటుంది. పెద్ద పంపు అయితే ఇళ్లలో జాయింట్లు ఊడతాయి. అందుకే డ్రైవ్ తెర పక్కనే పైపు మీద మామూలు ముల్లు గేజి ఒకటి ఉండి తీరాలి. రెండూ ఒకే అంకె చెప్పకపోతే ముందు అది సరిచేయాలి. సెన్సర్ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల రకానిది కావడం మంచిది. దాని తీగ తెగితే సంకేతం 4 కంటే కిందికి పడుతుంది, డ్రైవ్ దాన్ని లోపంగా గుర్తించి ఆగిపోగలదు. సున్నా నుంచి మొదలయ్యే సంకేతమైతే తెగిన తీగ ‘ప్రెషర్ సున్నా’ అని చెప్పినట్టవుతుంది, పంపు పూర్తి వేగం అందుకుంటుంది.

గేజి ముల్లు స్థిరంగా ఉండక పైకీ కిందికీ ఊగుతూ, హెర్ట్జ్ కూడా దానితోపాటే ఎక్కి దిగుతుంటే ‘పీ’ ఎక్కువైందనీ, ‘ఐ’ సమయం మరీ తక్కువగా ఉందనీ అనుమానించాలి. ముందు ‘పీ’ని సగానికి దించి చూడాలి. అయితే దానికంటే ముందు డ్రైవ్ వేగం ఎక్కడానికి, దిగడానికి ఎంత సమయం ఇచ్చారో చూడటం మేలు. అది 20 సెకన్లు ఉంటే పీఐడీ అడిగిన వేగం మోటారుకు అందేసరికే పరిస్థితి మారిపోయి ఉంటుంది. మూడు నుంచి అయిదు సెకన్లకు తగ్గిస్తే చాలాసార్లు ఊగడం అక్కడితో ఆగుతుంది.

సంపు ఖాళీ అయినప్పుడు పంపును ఆపే ఫ్లోట్ స్విచ్చిని పీఐడీతో సంబంధం లేకుండా విడిగా కలపాలి. నీళ్లు లేకపోతే ప్రెషర్ రాదు, ప్రెషర్ రాకపోతే పీఐడీ పంపును మరింత వేగంగానే తిప్పుతుంది.

ఎవరూ వాడని వేళ కూడా పంపు మాటిమాటికీ లేస్తుంటే కారణం ఎటువైపుందో ఒక్క వాల్వుతో తెలుసుకోవచ్చు. ప్రెషర్ ట్యాంకు, సెన్సర్ దాటాక భవనానికి వెళ్లే వాల్వును కట్టేసి, నిద్రలో ఉన్న సెట్టు గేజిని పది నిమిషాలు చూడాలి. ముల్లు పడిపోతుంటే పంపు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వు సరిగా మూసుకోక నీళ్లు వెనక్కి సంపులోకి పోతున్నాయి. ముల్లు నిలిచి ఉంటే కారుతున్నది భవనంలో. అప్పుడు అంతస్తుల వారీగా లైన్లు కట్టేస్తూ ఏ ఫ్లాట్లో నీళ్లు కారుతున్నాయో పట్టుకోవచ్చు.