రెండు వైపులా ఒకేలా కనిపించే మఫ్లర్: డబుల్ నిట్టింగ్ పద్ధతి

ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ చొప్పున అల్లిన మామూలు ఊలు మఫ్లర్‌కు మంచి వైపు ఒకటే ఉంటుంది. అటువైపు కుట్లు నున్నగా 'వి' ఆకారంలో కనిపిస్తాయి, వెనక వైపు అడ్డంగా గరుకుగా ఉంటాయి. రెండు రంగులతో డిజైన్ వేస్తే ఆ వెనక వైపే పని లేని దారాలు వేలాడుతుంటాయి. పైగా అంచులు లోపలికి చుట్టుకుపోతాయి. స్వెటర్‌కైతే వెనక వైపు ఒంటికి ఆనుకుని ఉండి బయటికి కనిపించదు. మెడకు చుట్టుకునే మఫ్లర్‌కు ఆ వీలు లేదు, ఎటు తిరిగితే అటు కనిపిస్తుంది. డబుల్ నిట్టింగ్‌లో రెండు పొరల బట్టను ఒకే జత సూదుల మీద, ఒకేసారి అల్లుతారు. రెండు పొరల మంచి వైపులూ బయటికి, గరుకు వైపులూ దారాలూ లోపలికి ఉంటాయి. అంచులు చుట్టుకోవు.

జతే కొలమానం

ఈ అల్లికలో కుట్లను విడివిడిగా కాక జతలుగా లెక్కపెడతారు. జతలో మొదటి కుట్టు ముందు పొరది, దాన్ని నిట్‌గా అల్లుతారు. రెండోది వెనక పొరది, దాన్ని పర్ల్‌గా అల్లుతారు. వెనక పొరకు మంచి వైపు అవతల ఉంటుంది కనుక ఇవతల నుంచి పర్ల్ వేస్తే అవతల నున్నటి కుట్టు పడుతుంది. ముందు కుట్టును నీలం దారంతో, వెనక కుట్టును మీగడ రంగు దారంతో వేస్తే ఆ చోట ఇవతల నీలం, అవతల మీగడ రంగు కనిపిస్తాయి. రంగులు తారుమారు చేస్తే కనిపించేదీ తారుమారవుతుంది. గళ్ల కాగితం మీద గీసుకున్న డిజైన్‌లో ఒక గడి అంటే ఒక జత, అంటే సూది మీద రెండు కుట్లు.

రంగులు ఎక్కడా మార్చకుండా, అంచుల్లో దారాలను కలపకుండా అల్లుకుంటూ పోతే రెండు పొరలూ దేనికది విడిగా ఉండిపోతాయి. టాల్‌స్టాయ్ 'యుద్ధము–శాంతి' నవల చివరి భాగంలో ఒక ఆయా ఒకే సూదుల మీద రెండు మేజోళ్లు కలిపి అల్లి, పూర్తయ్యాక పిల్లల ముందు ఒకదానిలోంచి మరొకదాన్ని బయటికి లాగుతుంది. ఆ తమాషా వెనక ఉన్న సూత్రం ఇదే. మఫ్లర్‌లో కావలసింది అందుకు విరుద్ధం, పొరలు కలిసి ఉండాలి. ఒకే వరుసలో పక్కపక్క జతల మధ్య రంగు మారినప్పుడు ముందున్న దారం వెనక్కి, వెనకున్న దారం ముందుకు వెళ్లి ఒకదాన్నొకటి దాటుతాయి. పొరలు ముడిపడేది అక్కడే. వరుస మొత్తం ఒకేసారి రంగు మార్చుకునే అడ్డచారల డిజైన్‌లో అలాంటి దాటు నడుమ ఎక్కడా ఉండదు. అప్పుడు మఫ్లర్ అంచుల్లో మాత్రమే అతుక్కున్న దిండు గలీబులా బోలుగా మిగులుతుంది.

రెండు దారాలు పట్టుకోవడం

రెండు దారాలూ ఎప్పుడూ కలిసే కదలాలన్నది ఈ అల్లికలో తప్పకూడని నియమం. నిట్ కుట్టు వేసే ముందు రెండు దారాలనూ సూదికి వెనక్కి తీసుకెళ్లాలి, పర్ల్ కుట్టు వేసే ముందు రెండింటినీ ముందుకు తేవాలి. అలా చేస్తే పని లేని దారం ఎప్పుడూ రెండు పొరల మధ్యే ఉంటుంది. నిట్ వేసేటప్పుడు రెండో దారాన్ని ముందు వదిలేస్తే అది ఇవతలి ముఖం మీద చిన్న అడ్డగీతలా పడుతుంది. పర్ల్ వేసేటప్పుడు వెనక వదిలేస్తే ఆ గీత అవతలి ముఖం మీద పడుతుంది, వరుస తిప్పేదాకా కనబడదు. అందుకే కొత్తవారు ప్రతి వరుస చివరా పనిని తిప్పి వెనక ముఖాన్ని ఒకసారి చూసుకోవడం మేలు.

ఎడమ చేత్తో దారం పట్టే అలవాటున్నవారు రెండు దారాలనూ ఎడమ చూపుడు వేలి మీదే కాస్త ఎడంగా ఉంచుకుని, కావలసినదాన్ని సూది మొనతో అందుకుంటారు. కుడి చేత్తో దారం తిప్పేవారు ఒకదాన్ని కుడి చూపుడు వేలి మీద, రెండోదాన్ని నడిమి వేలి మీద వేసుకుంటారు. రెండు పద్ధతుల్లోనూ చెయ్యి కదిలితే దారాలు రెండూ కదులుతాయి. ఏ రంగు ఎక్కడ ఉండాలో మొదట్లో నిర్ణయించుకుని మఫ్లర్ పూర్తయ్యేదాకా మార్చకూడదు. మారిస్తే బిగువు మారుతుంది, ఆ తేడా గళ్లలో కనిపిస్తుంది.

నాలుగు గళ్ల మఫ్లర్

20 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవు ఉన్న చదరపు గళ్ల మఫ్లర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దీనికి నీలం, మీగడ రంగుల్లో ఒకే కంపెనీ, ఒకే రకం, మధ్యస్థంగా లావున్న ఊలు కావాలి. పొరలు రెండు కాబట్టి మామూలు మఫ్లర్‌కు పట్టేదానికి రెట్టింపు పడుతుంది. ఒక్కో రంగు 150 గ్రాములు తీసుకుంటే చాలు. ఊలు లేబుల్ మీద 4 మిల్లీమీటర్ల సూది అని ఉంటే 3.5 మిల్లీమీటర్ల సూది వాడాలి, ఎందుకంటే ఈ అల్లిక మామూలుకన్నా వదులుగా వస్తుంది. ముదురు రంగును ముందే తడిపి తెల్ల గుడ్డ మీద ఒత్తి చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఆ ఊలు పనికిరాదు.

నమూనా ముక్కలో 10 సెంటీమీటర్లకు 20 జతలు, 28 వరుసలు వస్తే లెక్క సులువు. 10 జతలు, 14 వరుసలు కలిస్తే 5 సెంటీమీటర్ల చదరం. వెడల్పుకు నాలుగు గళ్లు, అంటే 40 జతలు, సూది మీద 80 కుట్లు. పొడవుకు 30 గళ్లు, అంటే 420 వరుసలు.

కుట్లు ఎక్కించేటప్పుడు రెండు దారాలనూ కలిపి ఒకటిగా పట్టుకుని, సుమారు మీటరు తోక వదిలి 40 కుట్లు వేయాలి. ఒక్కో కుట్టులో రెండు రంగుల ఉచ్చులుంటాయి కనుక అవే 40 జతలవుతాయి. మొదటి వరుసలో మొదటి 10 జతలను నీలంతో నిట్, మీగడతో పర్ల్ చొప్పున అల్లాలి. తర్వాతి 10 జతలను మీగడతో నిట్, నీలంతో పర్ల్ చొప్పున అల్లాలి. మిగతా 20 జతలకూ ఇదే క్రమం.

పని తిప్పగానే ఇప్పుడు ఎదురుగా ఉన్నది రెండో ముఖం. మొదటి ముఖంలో చివరి గడి మీగడ రంగుది, దాని వెనక నీలం ఉంటుంది. అంటే రెండో ముఖం కూడా కుడి నుంచి నీలంతోనే మొదలవుతుంది. గళ్లు సరిసంఖ్యలో ఉండటం వల్ల ప్రతి వరుసా ఒకే క్రమంలో నడుస్తుంది, రెండు ముఖాలూ అచ్చు ఒకేలా వస్తాయి. ఐదు గళ్లు పెడితే ఒక ముఖం నీలంతో మొదలై నీలంతో ముగుస్తుంది, రెండోది మీగడతో మొదలై మీగడతో ముగుస్తుంది. అక్షరాల విషయంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. ఒక వైపు సరిగా చదవగలిగే పేరు రెండో వైపు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది.

14 వరుసలయ్యాక రంగుల క్రమం మార్చి, మీగడతో నిట్, నీలంతో పర్ల్ అంటూ వరుస మొదలుపెట్టాలి. మరో 14 వరుసల తర్వాత మళ్లీ మొదటి క్రమానికి రావాలి. గళ్ల నిలువు గీతల దగ్గర ప్రతి వరుసలోనూ దారాలు దాటుకుంటాయి కాబట్టి ప్రతి 5 సెంటీమీటర్లకూ పొరలు గట్టిగా కలుస్తాయి. బయటి అంచుల్లో ఆ దాటు ఉండదు కనుక ప్రతి వరుస మొదటి కుట్టుకు ముందు రెండు దారాలనూ ఒకసారి మెలివేయాలి. ఈ మెలిక మరిచిన చోట అంచు సంచి నోరులా తెరుచుకుంటుంది.

తేడా ఎక్కడుందో పోల్చుకోవడం

రెండు ముఖాలూ సరిపోలకపోతే కారణం బిగువులోనే ఉంటుంది. అది రెండు రకాలు, వాటి గుర్తులు వేరు. నిట్ కన్నా పర్ల్ వదులుగా వేసే అలవాటు చాలామందికి ఉంటుంది. మఫ్లర్‌లో ప్రతి వరుసకూ పనిని తిప్పుతారు కనుక ఒకే ముఖం మీద ఒక వరుస నిట్‌గా, మరో వరుస పర్ల్‌గా పడుతుంది. అందువల్ల ఈ లోపం ఏదో ఒక ముఖానికే పరిమితం కాదు. రెండింటి మీదా వరుస విడిచి వరుస వదులుగా కనిపిస్తుంది. పర్ల్ కుట్టు వేయగానే దారాన్ని కొద్దిగా లాగి బిగిస్తే ఇది సర్దుకుంటుంది.

రెండో లోపం వేళ్ల నుంచి వస్తుంది. ఒక వేలి మీది దారం రెండోదానికన్నా తేలిగ్గా జారితే ఆ రంగు కుట్లు పెద్దవవుతాయి. అప్పుడు నీలం గళ్లన్నీ రెండు ముఖాల మీదా ఉబ్బుతాయి, మీగడ గళ్లు బిగుసుకుపోతాయి. స్కేలుతో ఒక్కో రంగు గడిని కొలిస్తే తేడా తెలిసిపోతుంది. వదులుగా వచ్చే దారాన్ని చిటికెన వేలికి అదనంగా ఒక చుట్టు చుట్టుకోవడమే దీనికి మందు. నమూనా ముక్కను తడిపి, ఆరబెట్టాకే కొలవాలి. తడిసిన ఊలులో చిన్నాచితకా తేడాలు సర్దుకుంటాయి కనుక అప్పటికీ మిగిలినదే నిజమైన తేడా.

రంగు మారిపోయిన జత గడి మధ్యలో వేరే రంగు చుక్కలా, రెండు ముఖాల మీదా ఒకే చోట కనిపిస్తుంది. పైకి అల్లినదంతా విప్పక్కర్లేదు. ఆ జత కుట్లను మాత్రమే తప్పు పడిన వరుస దాకా జార్చి, దారాలను సరైన పొరల్లోకి మార్చి, క్రోషా సూదితో ఒక్కో పొరను తిరిగి పైకి ఎక్కించవచ్చు. రెండు పొరలనూ కలిపి కుట్టేసిన చోటు చూపుకు అంత తొందరగా దొరకదు. గడి మధ్యలో రెండు ముఖాలనూ వేళ్లతో పట్టుకుని విడదీస్తే అవి సులువుగా విడిపోవాలి. ఎక్కడైనా అతుక్కుని ఉంటే తప్పు అక్కడే ఉన్నట్టు.

ఊలు ఉండ అయిపోతే కొత్తదాన్ని గడి మధ్యలో కలిపి, తోకలను పొరల మధ్యకు నెట్టేస్తే ఏ ముఖం మీదా కనబడవు. 420 వరుసలు పూర్తయ్యాక కుట్లు మూసేందుకు 4 మిల్లీమీటర్ల సూది తీసుకుని, ఒకే రంగుతో ఒక్కో జతను కలిపి ఒక నిట్‌గా అల్లుతూ, ముందు కుట్టును దాని మీదుగా దాటించుకుంటూ పోవాలి. చిన్న సూదితోనే మూస్తే ఆ చివర ముడుచుకుపోయి రెండో చివరకన్నా ఇరుకవుతుంది. మఫ్లర్‌ను చల్లటి నీళ్లలో తడిపి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీసి, 20 సెంటీమీటర్ల వెడల్పుకు సర్ది బల్లపరుపుగా ఆరబెట్టాలి. పొరలు రెండు కాబట్టి మామూలు మఫ్లర్ కన్నా ఇది ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది. లోపలి పొర కూడా పూర్తిగా ఆరాకే మడత పెట్టాలి.