పేరు పక్కన ఎన్ని డిగ్రీలు వేయాలి?

సంఘం ఉగాది సంచికకు పరిచయం పంపేటప్పుడో, సన్మాన పత్రం అచ్చుకిచ్చేటప్పుడో, పెళ్లి పత్రిక రాయించేటప్పుడో మన ఇళ్లలో ఒక చర్చ తప్పదు. పేరు పక్కన ఏమేం వేయాలి? చదివినవన్నీ వేస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. వదిలేస్తే అంత కష్టపడి చదివిన చదువు ఎవరికీ తెలియకుండా పోతుంది. పేరు వరుసకు ఒక పని, దాని కింద రాసే నాలుగు మాటలకు ఇంకో పని అని విడదీసుకుంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. ఈయన ఎవరు, ఇక్కడ ఏ హోదాలో కనిపిస్తున్నారు అన్నంత వరకే పేరు వరుస చెప్పాలి. మిగతాదంతా కింద చెప్పుకోవచ్చు.

తెలుగు లిపిలో ఇది మరీ అవసరం. ఇంగ్లీషులో నాలుగైదు అక్షరాల్లో ఇమిడే డిగ్రీ తెలుగులో 'ఎం.ఎస్సీ.', 'పిహెచ్.డి.' అని సాగుతుంది. మూడు డిగ్రీలు వేసేసరికి పేరు కంటే అవే పొడుగవుతాయి. ముందే ఇంటిపేరు ఉంటుంది. తమిళనాడులో స్థిరపడిన మనవాళ్లలో కొందరికి తండ్రి పేరు పొడి అక్షరం కూడా తోడవుతుంది. ఇక చదివేవారి కన్ను అసలు పేరు మీద ఆగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. పేరూ వివరాలూ కల్పితమే గానీ ఇలాంటి వరుస మీరూ చూసే ఉంటారు: 'శ్రీ డా. కె. వెంకటరమణ గారు, బి.ఎస్సీ., ఎం.ఎస్సీ., బి.ఇడి., ఎం.ఎ. (తెలుగు), ఎం.ఫిల్., పిహెచ్.డి., సాహితీరత్న, ప్రధానోపాధ్యాయులు (రిటైర్డ్), హోసూరు.'

ఇందులో 'శ్రీ', 'డా.' రెండూ ఉన్నాయి, ఒకటి చాలు. ముందు 'డా.' ఉంటే వెనక 'పిహెచ్.డి.' అక్కర్లేదు, ఒకే విషయం రెండుసార్లు చెప్పినట్టవుతుంది. ఎం.ఎస్సీ. చదివినవారు బి.ఎస్సీ. చదివే ఉంటారు. ప్రధానోపాధ్యాయులుగా చేశారంటే బి.ఇడి. సంగతి అడగనక్కర్లేదు. ఇన్ని తీసేశాక ఒక విశేషం బయటపడుతుంది. లెక్కలు చదివి, లెక్కలు చెప్పిన మనిషి మధ్యలో తెలుగు ఎం.ఎ. చేసి, అందులోనే పరిశోధన కూడా చేశారు. ఆయన జీవితంలో అందరూ తెలుసుకోవలసిన సంగతి అదే. ఇన్నాళ్లూ అది డిగ్రీల గుంపులో పడి కనిపించలేదు. ఇప్పుడు ఇలా రాయొచ్చు:

'డా. కె. వెంకటరమణ
హోసూరులో 31 ఏళ్లు గణితం బోధించి ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. చదివింది గణితంలో ఎం.ఎస్సీ. ఉద్యోగం చేస్తూనే తెలుగులో ఎం.ఎ. చదివి, ఈ ప్రాంతపు జానపద గేయాలపై పరిశోధనకు పిహెచ్.డి. పొందారు.'

'సాహితీరత్న' బిరుదు ఏమైందంటారా? ఎవరిచ్చారు, ఏ సంవత్సరంలో ఇచ్చారు అన్నది చెప్పగలిగితే అది నాలుగో వాక్యం అవుతుంది. చెప్పలేకపోతే వదిలేయడమే మేలు. ఇచ్చినవారి పేరు లేని బిరుదు పేరు పక్కన ఉంటే చదివేవారికి ముందు వచ్చేది గౌరవం కాదు, అనుమానం.

జాబితా పొడుగు కంటే అందులోని అతి చిన్న అంశమే ఎక్కువ చేటు చేస్తుందని నా అభిప్రాయం. పిహెచ్.డి. పక్కన మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు, చందా కడితే వచ్చే జీవితకాల సభ్యత్వం, 'గోల్డ్ మెడలిస్ట్' అని చేరిస్తే ఆ పిహెచ్.డి. బరువు కూడా తగ్గుతుంది. ఇంత ఉన్నవారికి ఇది కూడా చెప్పుకోవలసిన అవసరం ఏమొచ్చిందని అనిపిస్తుంది. ఇంకా పూర్తికాని చదువును బ్రాకెట్లో పెట్టి '(పిహెచ్.డి.)' అని వేయడం మరీ తప్పు. 'పరిశోధన చేస్తున్నారు' అని పరిచయంలో రాస్తే సరిపోతుంది.

కొన్ని వృత్తుల్లో ఈ అక్షరాలు అలంకారం కాదు, అవసరం. వైద్యులు 'ఎం.బి.బి.ఎస్., ఎం.డి.' అని రెండూ వేసుకోవడం మన దేశంలో ఆనవాయితీ. రోగి చూసేది కూడా అదే. గుర్తింపు ఉన్న వైద్య డిగ్రీలనూ, వృత్తి జ్ఞానాన్ని తెలిపే డిప్లొమాలు, సభ్యత్వాలు, గౌరవాలనూ మాత్రమే పేరు చివర చూపాలని భారత వైద్య మండలి 2002 నాటి నియమావళిలో ఉంది. ఛార్టర్డ్ అకౌంటెంట్లకు 'ఎఫ్.సి.ఎ.' కూడా అలాంటిదే. అయితే అదే వైద్యుడు సంఘం సంచికకు కవిత పంపితే అక్కడ 'డా.' ఒక్కటి చాలు.

పాత తరం చదువుల విషయంలో తొందరపడకండి. 'విద్వాన్', 'భాషాప్రవీణ' అన్నవి చూడటానికి బిరుదుల్లా ఉంటాయి గానీ, పరీక్ష రాసి ఉత్తీర్ణులై సంపాదించుకున్న పట్టాలు. కర్ణాటకలో సంగీతం, నృత్యాలకు 'విద్వత్' పరీక్ష ఉంది. తాతగారి పేరు ముందున్న 'విద్వాన్' అనే మాటను సన్మానంలో వచ్చిందనుకుని కొట్టేస్తే ఆయన చదువునే కొట్టేసినట్టు. పట్టా కాగితం ఇంట్లో ఉందేమో చూసి, సంవత్సరం కూడా రాసుకోండి.

పద్మ పురస్కారాల సంగతి దీనికి పూర్తిగా వేరు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. భారతరత్న, పద్మ పురస్కారాలు బిరుదుల కిందికి రావని, వాటిని పేరుకు ముందు గాని వెనక గాని తగిలించుకోకూడదని బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఉత్తరాల కాగితాలు, ఆహ్వాన పత్రికలు, పోస్టర్లు, పుస్తకాలు అన్నిటికీ ఇది వర్తిస్తుంది. తెలుగు సినిమా టైటిళ్లలో నటుల పేర్ల ముందు 'పద్మశ్రీ' వేయడం మీద వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. 'పద్మశ్రీ ఫలానా గారు' అని వేయడం కుదరదు. 'ఫలానా సంవత్సరంలో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు' అని రాయడానికి ఏ అడ్డూ లేదు. కలైమామణి, కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారాల వంటివాటికి కూడా పరిచయంలో ఈ వాక్యమే అందంగా ఉంటుంది.

ఇక గౌరవ డాక్టరేట్. విశ్వవిద్యాలయం గౌరవంగా ఇచ్చినదైనా దానితో పేరు ముందు 'డా.' వేసుకోకపోవడమే మర్యాద. ఏ విశ్వవిద్యాలయం ఇచ్చిందో పరిచయంలో చెబితే చాలు. అసలు విశ్వవిద్యాలయమే కానివాళ్లు రుసుము తీసుకుని, శాలువా కప్పి ఇచ్చే డాక్టరేట్లతోనే చిక్కు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అయితే ఆ జాబితాలో పేరు లేనంత మాత్రాన అసలైనదని కాదు, గుర్తింపు పొందినవాటి జాబితాలో ఉందో లేదో చూడాలి. డబ్బు కట్టమన్న ఫోను వచ్చినప్పుడే ఈ పని చేస్తే పరిచయంలో ఏం రాయాలన్న ప్రశ్నే రాదు.

సంచిక కూర్చేవారికి ఒక మాట. పెద్దవారు పంపిన వరుసలోంచి చెప్పకుండా డిగ్రీలు కొట్టేస్తే నొచ్చుకుంటారు. 'బాబాయిగారూ, ఈసారి అందరి పేర్లూ ఒకే తీరులో వేస్తున్నాం, మీ చదువు వివరాలు పేరు కింద వాక్యంగా వస్తాయి' అని ముందే ఫోన్ చేసి చెప్పండి. ఆ మాట అన్నాక మాత్రం అధ్యక్షులవారి పేరుకూ అదే తీరు పాటించాలి.