డబ్బు కట్టి రైళ్లు లెక్కపెట్టారు

2022లో తమిళనాడు నుంచి వచ్చిన 28 మంది యువకులు న్యూఢిల్లీ రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫారాల మీద నిలబడి, రోజుకు ఎనిమిది గంటలు, దాదాపు నెల రోజుల పాటు వచ్చేపోయే రైళ్లనూ బోగీలనూ లెక్కపెట్టారు. టీటీఈ, క్లర్క్ వంటి ఉద్యోగాలకు అదే శిక్షణ అని వాళ్లను నమ్మించారు. ఒక్కొక్కరి నుంచి 2 లక్షల నుంచి 24 లక్షల దాకా, మొత్తం 2.67 కోట్ల రూపాయలు వసూలు చేశారు. చివరికి అక్కడ ఉద్యోగమే లేదు. ఢిల్లీ పోలీసుల ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టాక ఆ డిసెంబరులో విషయం బయటపడింది.

బాధితుల్లో చాలామంది ఇంజినీరింగ్ చదివినవాళ్లే. వాళ్లను అమాయకులని తీసిపారేయడం అన్యాయం. వాళ్లకు వైద్య పరీక్ష జరిగింది, సర్టిఫికెట్ల పరిశీలన జరిగింది, ఆ తర్వాత శిక్షణ. అసలు ఉద్యోగంలోనూ ఈ మెట్లే ఉంటాయి. ఒక మెట్టు దాటాక వెనక్కి తిరిగితే అప్పటిదాకా కట్టింది పోతుందన్న భయం ఎటూ ఉంటుంది.

కానీ ఆ మెట్లలో ఒకటి లేదు: పరీక్ష. ఇలాంటి రైల్వే పోస్టులకు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది, కంప్యూటర్‌లో పరీక్ష పెడుతుంది. అభ్యర్థి కట్టేది దరఖాస్తు ఫీజు ఒక్కటే. అది జనరల్ అభ్యర్థులకు 500 రూపాయలు, పరీక్షకు హాజరైతే అందులో 400 వెనక్కి వస్తాయి. చూపించిన కాగితం ఎంత బాగుందో చూసేముందు, జరగాల్సింది ఏది జరగలేదో చూసుకోవాలి.

ప్రైవేటు ఉద్యోగాల్లో ఈ మోసం ఫోన్‌లోనే నడిచిపోతుంది. హైదరాబాద్‌లో కోర్సు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్న ఒక అమ్మాయికి పేరున్న కంపెనీ నుంచంటూ మెయిల్ వచ్చిందనుకుందాం. వాట్సాప్‌లో పావుగంట ఇంటర్వ్యూ. సాయంత్రానికల్లా లోగో, సంతకం, స్టాంపుతో ఆఫర్ లెటర్. మర్నాడు రిజిస్ట్రేషన్‌కు 1,850 రూపాయలు కట్టమంటారు. ఆ వెంటనే ల్యాప్‌టాప్ డిపాజిట్ 9,500. మొదటి జీతంతో కలిపి తిరిగి ఇచ్చేస్తామంటారు. మొదటి మొత్తం చిన్నదిగా ఉండటం వెనుక లెక్క ఉంది. అది కట్టినవాళ్లు రెండోది కూడా కడతారని వాళ్లకు తెలుసు.

ఆమె ముందుగా మెయిల్ పంపినవారి పేరు కాకుండా పూర్తి చిరునామా చూడాలి. కంపెనీ వెబ్‌సైట్ example.com అనుకుంటే, hr@careers.example.com ఆ కంపెనీదే. hr@example-careers.com మాత్రం ఎవరైనా కొనుక్కోగల వేరే పేరు. @ తర్వాతి భాగాన్ని చివరి నుంచి వెనక్కి చదివితే తేడా తెలుస్తుంది. మెయిల్ చిరునామాను ఫోర్జరీ చేయడమూ సాధ్యమే కాబట్టి ఇది సరిపోయినంత మాత్రాన నమ్మేయకూడదు. డబ్బు కట్టమన్న యూపీఐ తెర మీద కంపెనీ పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే ఇక అక్కడే ఆగిపోవాలి.

కొందరు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ రిజిస్ట్రేషన్ చూసి ఊరట చెందుతారు. ఆ కంపెనీ ఉందని మాత్రమే అది చెబుతుంది. మోసగాళ్లు వాడుకునేది నిజమైన కంపెనీల పేర్లనే కదా! అందుకే ఆఫర్ లెటర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయడం దండగ, ఎత్తేది వాళ్లే. కంపెనీ వెబ్‌సైట్ తానే వెతికి తెరిచి, అందులోని కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో చూడాలి. అక్కడి చిరునామాకు ఆ లెటర్ పంపి అడగాలి. జవాబు వచ్చేలోపు "గంటలో కట్టకపోతే సీటు వేరేవాళ్లకి" అని ఒత్తిడి పెట్టారంటే, ఆమె ఆ విచారణ చేయకూడదనే వాళ్ల తొందర.

కాగితాల సంగతి డబ్బు కంటే చిక్కు. పోయిన 1,850 ఒక్కసారి పోతుంది. పాన్, ఆధార్, సెల్ఫీ, సంతకం కలిపి ఇస్తే ఆమె పేరుతో అప్పు తీసుకోవచ్చు, సిమ్ కొనొచ్చు. దరఖాస్తు దశలో రెజ్యుమె చాలు. పాన్, బ్యాంకు ఖాతా వివరాలు జీతం, పీఎఫ్ కోసం, అంటే ఉద్యోగం ఖాయమయ్యాకే అవసరం. ముందే గుర్తింపు కార్డు కావాలంటే ఆధార్ వెబ్‌సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ దించుకోవచ్చు. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఓటీపీ మాత్రం ఏ దశలోనూ ఎవరికీ చెప్పకూడదు.

అప్పటికే డబ్బు పంపేసి ఉంటే మొదటి పని 1930కు ఫోన్ చేయడం. మోసగాళ్లు ఆ డబ్బును నిమిషాల్లో ఖాతా నుంచి ఖాతాకు మార్చేస్తారు. ఫిర్యాదు త్వరగా అందితే దారిలో ఎక్కడో బ్యాంకు దాన్ని ఆపగలదు. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు చేయాలి. చాట్, లెటర్, చెల్లింపు రశీదు చెరిపేయకూడదు. కాగితాలు పంపి ఉంటే, తన పేరున ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో sancharsaathi.gov.in లో చూసుకుని, తనవి కానివాటి మీద అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. తెలియని అప్పులేవైనా ఉంటే క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తాయి. ఏడాదికొకసారి అది ఉచితం. మొదటి నెలలో ఏమీ కనిపించకపోయినా, కొన్ని నెలల తర్వాత ఇంకోసారి తెప్పించుకుని చూడాలి.