పేర్పులో కట్టె ఎంత, సందు ఎంత

కట్టెల అడితిలో సరుకు కాటా మీద టన్నుల లెక్కన అమ్మితే పేచీ తక్కువ. కాటా దగ్గర లేనిచోట పేర్పు లెక్క నడుస్తుంది. మీటరు పొడవున కోసిన ముక్కల్ని గోడలా పేర్చి, పొడవు, ఎత్తు టేపుతో కొలిచి, ఇన్ని ఘనపు మీటర్లని చెబుతారు. ఆ కొలతలో కట్టెతో పాటు కట్టెల మధ్య సందులు కూడా ఉంటాయి. అసలు కట్టె ఎంతో తెలియాలంటే పేర్పు కొలతను ఒక గుణకంతో హెచ్చించాలి. దాన్ని పేర్పు గుణకం అందాం.

దుంగలన్నీ ఒకే లావున, గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయనుకోండి. ఒకదాని నెత్తిన ఒకటి నిలువుగా పేరిస్తే పేర్పులో 78.5 శాతం కట్టె ఉంటుంది. పైవరుసను కిందివరుస పల్లాల్లో కూర్చోబెడితే 91 శాతం దాకా వస్తుంది. ముక్కలు లావైనా సన్నమైనా ఈ లెక్క మారదు. కానీ నిజమైన కొమ్మలకు వంకరలుంటాయి, కణుపులుంటాయి. వాటివల్ల ఏర్పడే సందు లావు దుంగల్లో కంటే సన్నపుల్లల్లోనే ఎక్కువ చోటు తింటుంది. అందుకే తిన్నటి జామాయిల్ దుంగల పేర్పులో గుణకం 0.65 నుంచి 0.75 దాకా ఉంటే, వంకర కొమ్మల పేర్పులో 0.5కు అటూఇటూగా పడిపోతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు పుస్తకంలోని అంకె కంటే ఎదురుగా ఉన్న పేర్పును కొలవడమే మేలు.

అందుకు ఒక పురికొస చాలు. పేర్పు ముఖం మీద, అంటే దుంగల కోసిన చివళ్లు కనిపించే వైపున, ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా కట్టండి. పురికొస ఎక్కడెక్కడ కట్టె మీదుగా పోతుందో ఆ ముక్కముక్క పొడవులన్నీ కూడి, మొత్తం పురికొస పొడవుతో భాగిస్తే గుణకం వస్తుంది. ఒక్క గీతను నమ్మకూడదు, నాలుగైదు చోట్ల చూసి సగటు తీయాలి. పేర్పుకు రెండోవైపు కూడా చూడాలి. మొదళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఇంకోవైపు పెట్టి పేర్చి ఉంటే, మొదళ్ల వైపు మాత్రమే చూసిన కొనుగోలుదారుడికి లేని కట్టె కనిపిస్తుంది. బెరడు అక్కర్లేని సరుకైతే బెరడు మందాన్ని లెక్కలోంచి తీసేయాలి.

ఒక జామాయిల్ పేర్పు తీసుకుందాం. పొడవు 4 మీటర్లు, దుంగల నిడివి 1 మీటరు. ఎత్తు నాలుగైదు చోట్ల కొలిస్తే సగటు 1.5 మీటర్లు. పేర్పు కొలత 6 ఘనపు మీటర్లు. పురికొసలన్నీ కలిపి 20 మీటర్లు, అందులో కట్టె మీద పడింది 12.6 మీటర్లు. గుణకం 0.63. అసలు కట్టె 6 × 0.63, అంటే 3.78 ఘనపు మీటర్లు.

ఇక బరువు. ఒక దుంగ నడుమ చుట్టుకొలత 32 సెంటీమీటర్లు, నిడివి మీటరు. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, నిడివితో హెచ్చించి, 12.57తో భాగిస్తే ఘనపరిమాణం 0.00815 ఘనపు మీటరు, అంటే 8.15 లీటర్లు. తూకం 6.5 కిలోలు. ఘనపు మీటరుకు దాదాపు 800 కిలోలు. లావువి, సన్నవి కలిపి పదిపన్నెండు దుంగలు తూచినా సగటు ఇంతే వస్తే, పేర్పు బరువు 3.78 × 800, సుమారు 3,020 కిలోలు. గుణకం మరిచి 6ను 800తో హెచ్చిస్తే 4,800 కిలోలని భ్రమపడతాం.

ఈ 3,020 కిలోల్లో నీరు కూడా ఉంది. ఘనపు మీటరు పచ్చి జామాయిల్‌లో తేమంతా పోతే మిగిలే కట్టె 550 కిలోలనుకుందాం. ఎండకూ గాలికీ ఆరి, తేమ ఆ పొడి కట్టె బరువులో 20 శాతానికి దిగిందంటే అదే పేర్పు సుమారు 2,500 కిలోలు తూగుతుంది. అయిదు వందల కిలోలు ఎవరూ ఎత్తుకెళ్లలేదు, ఆవిరైపోయాయి. పేర్పు మాత్రం కంటికి దాదాపు అంతే కనిపిస్తుంది. తేమ దాదాపు 30 శాతం లోపుకు దిగేదాకా కట్టె కుంచించుకోదు, ఆ తర్వాత కూడా కుంచించుకునేది కొద్దే. కాబట్టి పచ్చికట్టె కొనేవారికి పేర్పు లెక్క, ఆరబెట్టి అమ్మేవారికీ పేర్పు లెక్కే లాభం. కాటా లెక్కలో పచ్చికట్టె కొన్నవాడు నీళ్లకు కూడా డబ్బిస్తాడు.

మోసం ఎక్కువగా పేర్చడంలోనే ఉంటుంది. లోపల దుంగల్ని అడ్డదిడ్డంగా వేసి, ముఖం మాత్రం ఒద్దికగా సర్దితే పురికొస కూడా పట్టుకోలేదు. అనుమానం వస్తే నడుమ నుంచి ఒక బారు విప్పి చూడాలి, లేదా బండికెత్తేటప్పుడు తిరిగి పేర్పించాలి.

కోత వల్ల కూడా పేర్పు తగ్గుతుంది. మీటరు ముక్కల్ని సగానికి కోసి మళ్లీ పేరిస్తే వంకరలు తెగి ముక్కలు దగ్గరగా కూర్చుంటాయి. ఫ్రాన్స్‌లో కట్టెల వ్యాపారం దీన్ని ముందే లెక్కగట్టి పెట్టుకుంది. మీటరు ముక్కల ఒక ఘనపు మీటరు పేర్పు, అరమీటరు ముక్కలుగా కోస్తే 0.8, మూడోవంతు ముక్కలుగా కోస్తే 0.7 అవుతుంది. ఇంటికి కోయించి తెప్పించుకున్నవాళ్లు పేర్పు తగ్గిందని అడితివాడితో తగవుకు దిగేముందు, కోతకు ముందు కొలిచారా, తర్వాత కొలిచారా అన్నది చూసుకోవాలి.